కాకినాడ మేడమ్‌కి పంపాల్సిన మెయిల్: నీ డ్రాఫ్ట్ మార్చాను, చూడు

తమ్ముడూ, నువ్వు పెట్టిన డ్రాఫ్ట్ చదివాను. చీర వెనక్కి తీసుకోలేమనే నిర్ణయం సరైనదే, దాన్ని మార్చట్లేదు. ఆమె పంపిన 5 ఫొటోలు నాన్నకి కూడా చూపించాను, నేతలో లోపం లేదన్నాడు. లోపమే ఉంటే ఎన్ని రోజులైనా మాట్లాడకుండా తీసుకునేవాళ్లం. కానీ ఆమె మెయిల్ ఇంకోసారి చదువు. "అమ్మాయి సీమంతానికి కొన్నాను, ప్రింట్ చెదిరిన చీర అంటగట్టారని బంధువుల ముందు మాట పడ్డాను" అని రాసింది. 14,500 రూపాయలు ఒక ఎత్తు, నలుగురిలో మాట పడటం ఒక ఎత్తు. తను మోసపోయిందా లేదా అన్నది ఆమెకి ముందు తెలియాలి. నీ డ్రాఫ్ట్‌లో దానికి జవాబు లేదు.

నీ మొదటి లైను: "మీ మెయిల్ చూశాం. రిటర్న్ కుదరదు."

ఇలా మొదలుపెడితే కింద ఏం రాసినా ఆమె చదవదు. అలాగని కుదరదనే మాటని చివరిదాకా దాచిపెట్టకూడదు, ఆశపెట్టి కాదన్నట్టు ఉంటుంది. మొదట ఆమె బాధ మనకి అర్థమైందని ఒక వాక్యం, ఆ వెంటనే విషయం. "చీర వెనక్కి తీసుకోలేకపోతున్నాం" అని రాశాను. "కుదరదు" అంటే తలుపు వేసినట్టుంటుంది. "ప్రయత్నిస్తాం", "చూస్తాం" లాంటివి కూడా పెట్టకు, మనం చెయ్యబోనిదాని కోసం ఆమె వారం రోజులు ఎదురుచూస్తుంది.

రెండో లైను: "అది ఇక్కత్, అలాగే ఉంటుంది, తెలుసుకుని కొనాలి."

ఇది నాకు బాగా బాధనిపించింది. ఇక్కత్ గురించి ఆమెకి ఎవరు చెప్పాలి? మనమే కదా. మన వెబ్‌సైట్‌లో ఆ చీర పేజీ తీసి చూశాను, డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయని ఎక్కడా లేదు. పైగా దూరం నుంచి తీసిన ఫొటో ఒక్కటే, దాంట్లో గీతలన్నీ గీసినట్టు కనిపిస్తున్నాయి. అది మన పొరపాటు, మెయిల్‌లో ఒప్పుకున్నాను. ఒప్పుకుంటే డబ్బు అడుగుతుందేమోనని భయపడకు, చీరలో లోపం లేదు, చెప్పడంలో లోపం ఉంది, ఆ రెండూ విడిగా రాస్తే సరిపోతుంది. పోగుల్ని రబ్బరుతో కట్టి రంగులో ముంచడం మనం పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం, కాకినాడలో ఉన్న ఆమె చూడలేదు. అందుకే కాస్త ఎక్కువే రాశాను. కొంగు తిప్పి చూడమని కూడా చెప్పాను, అది బంధువులకి ఆమె తనే చూపించుకోవచ్చు.

జీఐ లైను, "మా చీరలకు జీఐ ఉంది కాబట్టి డిఫెక్ట్ అనే మాటే లేదు" అన్నది, మొత్తం తీసేశాను. జీఐ అంటే ఈ ప్రాంతంలో ఈ పద్ధతిలో నేసిందని గుర్తింపు. ఈ ఒక్క చీరలో పోగు తెగలేదని అది చెప్పదు.

"మీరే బ్లౌజ్ కట్ చేయించి, ఫాల్ కుట్టించి, 19 రోజుల తర్వాత రిటర్న్ అంటే ఎలా?"

అసలు కారణం ఇక్కడుంది, కానీ నువ్వు దాన్ని పోట్లాటలా రాశావు. "మీరే" తీసెయ్, ప్రశ్న తీసెయ్. చీర కొన్నాక ఫాల్ కుట్టించుకోవడం తప్పేం కాదు కదా. బ్లౌజ్ ముక్క వేరయ్యాక ఆ చీరని కొత్తదిగా ఇంకొకరికి అమ్మలేమని చెబితే చాలు, ఎవరికైనా అర్థమవుతుంది. మన బిల్లు మీద 10 రోజులని ఉంది కాబట్టి ఆ సంగతి ఒకసారి మామూలుగా చెప్పాను.

"ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఎప్పుడూ రాయకు. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. చట్టం సంగతి అలా ఉంచు, ఆ వాక్యం చూస్తే ఎవరికైనా ఏదో దాస్తున్నారనే అనిపిస్తుంది.

చివర్లో "ఇంకేమైనా ఉంటే కాల్ చేయండి" బదులు మనం నిజంగా చెయ్యగలిగిన పని ఒకటి పెట్టాను. మూడో ఫొటో పెద్దది చేసి చూడు, అంచు దగ్గర ఒక పోగు లేచింది. ఫాల్ కుట్టేటప్పుడు సూది తగిలి ఉండొచ్చు, ఎవరి వల్లనో అడగొద్దు, నాన్న పావుగంటలో సరిచేస్తాడు. కొరియర్ ఖర్చు మనదే.

ఇక మొత్తం మెయిల్ ఇది. సబ్జెక్ట్‌లో "రిటర్న్ రిజెక్టెడ్" తీసేసి మార్చాను.

సబ్జెక్ట్: మీ పోచంపల్లి ఇక్కత్ పట్టు చీర గురించి

నమస్తే మేడమ్,

అమ్మాయి సీమంతానికి ముచ్చటపడి తీసుకున్న చీర గురించి నలుగురిలో మాట పడాల్సి రావడం మాకు చాలా బాధ కలిగించింది. మీరు పంపిన ఫొటోలన్నీ మా నాన్నగారితో కలిసి జాగ్రత్తగా చూశాం. చీర వెనక్కి తీసుకోలేకపోతున్నాం, అందుకు కారణం కింద రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మీది ప్రింట్ చీర కాదు, మగ్గం మీద నేసిన ఇక్కత్. ఇందులో డిజైన్ బట్ట మీద వెయ్యరు. నెయ్యడానికి ముందే పోగుల్ని కట్టలుగా చేసి, రంగు అంటకూడని చోట రబ్బరుతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఆ కట్టు అంచుల్లోకి రంగు కొద్దిగా పాకుతుంది, నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతుంది. అందుకే పువ్వు అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. కొంగు తిప్పి వెనక వైపు చూడండి, డిజైన్, రంగు ముందు వైపు లాగానే ఉంటాయి. మామూలుగా ప్రింట్ చీరకి వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. మీ బంధువులకి కూడా ఇది చూపించవచ్చు.

ఈ విషయం మా వెబ్‌సైట్‌లో ముందే రాసి ఉండాల్సింది. రాయకపోవడం మా పొరపాటు, క్షమించండి. దగ్గర నుంచి తీసిన ఫొటో, ఈ వివరం ఈ రోజే ఆ పేజీలో పెట్టాం.

మా బిల్లు ప్రకారం వాపసుకి 10 రోజుల గడువు ఉంది, మీ మెయిల్ 19వ రోజున అందింది. రోజుల లెక్క ఒక్కటే అయితే సర్దుకునేవాళ్లం. బ్లౌజ్ ముక్క కత్తిరించి, ఫాల్ కుట్టించిన చీరని మళ్లీ కొత్తదిగా ఇంకొకరికి ఇవ్వలేం, అందుకే తీసుకోలేకపోతున్నాం.

మీ మూడో ఫొటోలో అంచు దగ్గర ఒక పోగు లేచినట్టు ఉంది. అలాగే కడితే ఇంకా లాగుతుంది. మీరు సరేనంటే కొరియర్ అబ్బాయిని మేమే మీ ఇంటికి పంపిస్తాం, సరిచేసి వారం లోపు తిరిగి పంపుతాం. రానూపోనూ ఖర్చులు మావే. సీమంతం తేదీ ఈలోపే ఉంటే చెప్పండి, ఫంక్షన్ అయ్యాక తెప్పించుకుంటాం.

ఈ మెయిల్‌కి జవాబిస్తే నేనే చూస్తాను. అమ్మాయికి మా అందరి ఆశీస్సులు.

ఇట్లు,
మీరు చీర తీసుకున్న దుకాణం నుంచి,
భూదాన్ పోచంపల్లి