చెల్లి పెళ్లి విందులో అన్నయ్య మాట

పెద్దలకు నమస్కారం, మిత్రులకు స్వాగతం. చిన్నతనంలో చీకటంటే భయపడే నన్ను, నాకంటే నాలుగేళ్లు చిన్నదైన మా చెల్లి టార్చిలైటు పట్టుకుని ముందు నడుస్తూ తీసుకువెళ్లేదన్న సంగతిని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టినందుకు ఆమెకు అందరి ఎదుటా కృతజ్ఞతలు చెబుతున్నాను.

బావగారూ, మొదట్లో మిమ్మల్ని కాస్త అనుమానంగా చూసిన మాట నిజమే. అయితే ఆమె జ్వరంతో మంచం పట్టిన మూడు రోజులూ మీరు పక్కనే కూర్చుని, ఆమె విసుగును సైతం (అది ఎంతటిదో నాకు తెలుసు) చిరునవ్వుతో భరించడం చూశాక నా మనసు కుదుటపడింది.

ఈ స్పార్క్లింగ్ వైన్‌లో బుడగలు పైకి ఎగసివస్తున్నట్టే మీ ఇంట నవ్వులు ఎగసిపడాలని కోరుకుంటూ, పొంగు తగ్గకముందే అందరూ గ్లాసులు పైకెత్తవలసిందిగా మనవి చేస్తున్నాను. చెల్లీ, బావగారూ, ఇది మీ ఇద్దరి కోసం!