ఉపవాసి నాలుక, ఉపవాసి చేయి

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు. సోదరులారా, తెర వెనుక కూర్చున్న అక్కచెల్లెళ్ళారా, తరావీహ్‌కు ముందు కొద్దిసేపు మాట్లాడతాను.

ఉపవాసాలు విధి అయ్యింది మనలో దైవభీతి కలగడానికేనని ఖుర్ఆన్ రెండవ సూరా 183వ ఆయతు తెలుపుతోంది. అబద్ధాన్ని విడువనివాడు అన్నపానీయాలు విడవాల్సిన అవసరం అల్లాహ్‌కు లేదని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం హెచ్చరించారు. మన విశాఖ ఉక్కపోతలో దాహం ఓర్చుకోవడం కష్టమే. అసర్ దాటాక, తానూ ఉపవాసంతోనే పొయ్యి దగ్గర ఇఫ్తార్ సిద్ధం చేస్తున్న ఇల్లాలిపై విసుక్కోకుండా ఉండడం, నా మటుకు నాకు, అంతకంటే కష్టం.

నిన్న సాయంత్రం, ఫిషింగ్ హార్బరులో చేపల పెట్టెలు మోసే ఒక సోదరుడు వజూ చేసి వచ్చి, తన దగ్గరున్న మూడు ఖర్జూరాల్లో ఒకటి పక్కనున్న బాటసారి చేతిలో పెట్టి, ఎవరి వైపూ చూడకుండా దుఆలో మునిగిపోయాడు.

జకాత్ మన దయ కాదు, పేదవారి హక్కు. నిసాబుకు, అంటే 7.5 తులాల బంగారం లేదా 52.5 తులాల వెండి విలువకు, తగ్గని సొమ్ము ఏడాది నిలిస్తే అందులో 2.5 శాతం, లక్షకు 2,500 రూపాయలు, ఇవ్వాలి. దెప్పిపొడిచి, మనసు నొప్పించి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని అదే సూరా 264వ ఆయతు ఆజ్ఞాపిస్తోంది కనుక, ఇచ్చేటప్పుడు దయచేసి ఫోటోలు తీయకండి.

ఫిత్రా ఈద్ నమాజుకు ముందే చేరాలి. మీ వీధిలో అడగలేక ఆగిపోయిన ఇల్లు ఏదైనా ఉంటే, నమాజు తరువాత నా చెవిన వేయండి. ఆ పేరు ఈ మింబరు మీద నుంచి వినబడదు.