ఫ్లూట్ పెట్టె మూతకు అంటించుకునేటందుకు కొన్ని లైన్లు

తమ్మీ, "అన్నా ఏదన్న రాసియ్యి, ఆదివారం ట్యాంక్‌బండ్‌కు పోయేముందు ఒకసారి సదువుకుంట" అన్నవ్ కదా, ఇగో రాసిన. నేను రాసేటోణ్ణి కాదు, అక్షరాలు గీసేటోణ్ణి. ముషీరాబాద్ నుంచి కవాడిగూడ దాకా షట్టర్ల మీద దుకాణాల పేర్లు ఎనామిల్ పెయింట్‌తోని ఇరవై ఏండ్లు రాసిన, ఫ్లెక్సులు వచ్చినంక బ్రష్షులు కడిగి అటక మీద పెట్టి ఇప్పుడు అదే ఫ్లెక్స్ షాపుల కంప్యూటర్ ముంగట కూసుంటున్న. అందుకే ఇండ్ల పెద్ద పెద్ద మాటలు ఉండయి. మొత్తం ఒక్కసారే సదవకు, ఏ రోజు మనసు ఎట్లుంటే ఆ రోజుకు సరిపడేది సూసుకో.

ముందు గాలి ముచ్చట. సాగర్ దిక్కుకెళ్ళి గాలి కొట్టినప్పుడు ఫ్లూట్ మోగదు, నువ్వు ఊదిన ఊపిరిని ఆ గాలే ఎత్కపోతది. ఫస్ట్ ఆదివారం నువ్వు గంటసేపు దాంతోని కొట్లాడి మూతి మాడ్చుకోని ఇంటికి పోయినవ్. తర్వాతి వారం గాలికి వీపు పెట్టి, రెండు అడుగులు జరిగి, గడ్డం జర కిందికి దించి నిల్చున్నవ్, మోగింది. ఆ రోజు నీ ముంగట ఆగినోళ్ళు ముగ్గురో నలుగురో, ఈ సంగతి వాళ్ళల్ల ఒక్కనికి కూడ తెల్వదు. నేను మొక్కజొన్న కంకి తినుకుంట అవుతల నుంచి సూసిన. ఆ రెండు అడుగులే నీ ప్రమోషన్ అనుకో.

వెదురు వేడెక్కితే శృతి పైకి పోతదని నువ్వే చెప్పినవ్ నాకు. పది నిమిషాలు వాయించి ఆపి, ఫోన్ల తంబుర పెట్టుకోని మళ్ళ సరి సూసుకుంటవ్. వినేటోళ్ళకు ఆ తేడా పట్టదు. నీకు పడుతది. చాలు.

ఎవడూ వింటలేడు అనిపించిన రోజు సరళీవరసలు వాయించు. నిజంగ చెప్తున్న. మాయామాళవగౌళల మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం. ఇంట్ల అయితే పక్కింటోళ్ళు గోడ కొడుతరు, ఈడ ఎవ్వరు కొట్టరు, ఇంత పెద్ద రియాజ్ రూము కిరాయి లేకుండ ఏడ దొరుకుతది నీకు?

"కూటికోసం కోటి విద్యలు" అంటరు. సరే, కోటి విద్యలు కూటికే పెట్టు. ఒక్కటి మాత్రం పక్కకు తీసి పెట్టుకో.

నువ్వు నిల్చునే బండ్ మీదనే త్యాగయ్య విగ్రహం ఉంది, ఎన్నిసార్లు సూసినవో. ఆ పెద్దాయన తిరువయ్యారు వీధుల్ల పాడుకుంట పోయి, ఇండ్లల్ల పెట్టిన బియ్యం తెచ్చుకోని వండుకునేటోడు, దాన్ని ఉంఛవృత్తి అంటరు. తంజావూరు రాజు కబురు పెడితే పోలేదని కూడ చెప్తరు. ఇయ్యాల మనం రోడ్డు మీద వాయించేటోణ్ణి సూసి "పాపం" అంటున్నం గని, మన సంగీతంల అందరికన్నా పెద్ద పేరున్నాయన కచేరీ చేసింది రోడ్డు మీదనే. (ఇది మీ నాయనకు చెప్పు, ఆయన భక్తుడు, దీనికి ఎదురు చెప్పలేడు.)

అదే బండ్ మీద అన్నమయ్య కూడ ఉన్నడు. ఆయన కీర్తనలు వేలకు వేలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల గుడిల ఒక రాతి అరల పెట్టిన్రు, అవి మళ్ళ లోకం కంట పడ్డది 1922ల. ఆయన పోయింది 1503ల. మధ్యల నాలుగు వందల ఏండ్లు అవి చీకట్లనే పడి ఉన్నయి తమ్మీ. నన్ను ఎక్కువ కదిలించేది ఇంకోటుంది. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, కని ఆయన పాడిన వరస లేదు. ఇప్పుడు మనం వినే ట్యూన్లు తర్వాతోళ్ళు కట్టినవి. అంటే అంత పేరు వచ్చినా గని ఆయన అసలు పాట ఆయన పాడిన పొద్దున్నే గాలిల కలిసిపోయింది, దాన్ని ఎవడూ దాచలేకపోయిండు. నీ పాట కూడ అంతే, పోతది. పోయేదే అయినప్పుడు, పోయేలోపల మంచిగ ఉండాలె అంతే కదా.

రీల్ తీసేటోళ్ళ కోసం తల ఊపకు. పాటకు ఊగితే ఊగు.

క్యూఆర్ కోడ్ పెట్టలేదని పోయినసారి నిన్ను తిట్టిన, సారీ. పెట్టుకున్నోళ్ళది తప్పు కాదు, నీకు వద్దనిపిస్తే అది కూడ తప్పు కాదు. మెడికల్ షాపుల పొద్దుగాల నుంచి రాత్రి దాకా పైసలు లెక్కపెట్టినోనికి వారానికి రెండు గంటలు లెక్క లేకుండ ఉండాలె అనిపిస్తది, నాకు అర్థమైంది ఆలస్యంగ.

కని ఒక మాట గట్టిగ చెప్తున్న, ఇది బోల్డ్ అక్షరాలల్ల రాసుకో. రోడ్డు మీద ఫ్రీగ వాయించు, ఫంక్షన్ హాల్ల ఫ్రీగ వాయించకు. పోయిన నెల ఒకాయన వచ్చి "మా షోరూం ఓపెనింగ్‌కు రా, పైసలు లేవు గని ఎక్స్‌పోజర్ వస్తది" అన్నడు కదా. ఆయన కేటరింగోనికి ఎక్స్‌పోజర్ ఇస్తడా? టెంట్‌హౌసోనికి ఇస్తడా? ఫ్రీగ వాయించుడు నీ దానం, అది నువ్వు అనుకోని ఇయ్యాలె, ఇంకోడు నీ జేబుల చెయ్యి పెట్టి తీస్కపోతే దాన్ని దానం అనరు. నేను ఈ తేడా తెల్వక ఎన్ని షట్టర్లు "తర్వాత ఇస్త"కు రాసిననో, ఆ దుకాణాలు కొన్ని మూతపడ్డయి కూడ, నా పైసలు మాత్రం ఇంక "తర్వాత"లనే ఉన్నయి.

పేరు వస్తే అన్నీ అవే వస్తయి అనుకుంటున్నవా? పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గారికి 2022ల పద్మశ్రీ వచ్చింది. రెండేండ్లకు ఆయన బిల్డింగ్ కట్టే కాడ కూలి పని చేస్తున్నడని పేపర్లల్ల పడ్డది. అది సూసి నేను మస్తు బాధపడ్డ. పేరు ఒక దిక్కు, బువ్వ ఒక దిక్కు, కిన్నెర ఇంకో దిక్కు, మూడు వేరు వేరు. మొదటి రెండిట్ల నీ చేతిల ఉన్నది సగమే. మూడోది మొత్తం నీదే.

ఇది నీ పక్కన బొగ్గుతోని బొమ్మలేసే చెల్లెకు, సదివి వినిపియ్యి.

చెల్లే, పోయిన వారం నువ్వు అరగంట కూసోని ఒక పెద్దమనిషి మొహం గీసినవ్, ఆయన బొమ్మ పట్టుకోని సెల్ఫీ దిగి, కాగితం బెంచి మీదనే ఇడిసి పోయిండు. నీ కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్, నేను సూడనట్టు చేసిన. ఆ బొమ్మ నేను తెచ్చుకున్న. ఇంట్ల లైటు కింద పెట్టి సూస్తే ఎడమ కన్ను కింద మడత కాడ నువ్వు బొగ్గు పెట్టలేదు, వేలితోని తుడిచి తెలుపు తీసినవ్. అట్ల తీయాలంటే ఎన్ని మొహాలు పాడుచేసి ఉంటవో నాకు తెల్సు. మనిషి బొమ్మను వదిలిపోతడు, చెయ్యి నేర్సుకున్నది చేతిలనే ఉంటది.

గోల్కొండ ఖిల్లాల రామదాసు జైలు సూసినవా? గోడ మీద సీతారాములు, లక్ష్మణుడు, ఆంజనేయుడు చెక్కి ఉంటరు, ఆయనే చెక్కిండని చెప్తరు. సూసేటోడు ఎవడు ఆ కొట్టుల? కావలోడు. పైసలు, లైకులు పక్కన పెట్టు, సరైన ఎలుతురు కూడ లేదు. తమాష ఏందంటే ఆయనను లోపలేసిన తానీషా, ఆయన, ఇద్దరు ఇప్పుడు ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలై ఒకే పురుగుల మధ్య, ఒకే దుమ్ముల నిలబడ్డరు. రోజూ పొయ్యేటోళ్ళల్ల ఎవరు ఎవరో గుర్తుపట్టేటోళ్ళు ఎందరున్నరో నువ్వే అడుగు ఒకసారి, ఆడ నుంచే వాళ్ళ బొమ్మలు కూడ ప్రాక్టీస్ చేస్కో, వాళ్ళు కదలరు, "ముక్కు పెద్దగ వచ్చింది" అని కూడ అనరు.

రాజ్‌భవన్ మక్తా గల్లీలల్ల గోడల మీద బొమ్మలున్నయి కదా, 2016ల వేసినయ్. కొన్ని ఎండకు ఎలిసినయ్. ఎలిసినదాన్నే దగ్గర పోయి సూడు, బ్రష్ ఎటు నుంచి ఎటు పోయిందో కొత్తగున్నప్పటికన్నా ఇప్పుడే మంచిగ కనవడుతది.

ఇగ మళ్ళ నీకు, తమ్మీ.

నేను పని నేర్సుకునేటప్పుడు మా గురువు ఆరు నెలలు రంగు ముట్టనియ్యలేదు. చాక్‌పీస్ పొడిల ముంచిన దారం గోడ మీద రెండు దిక్కులా పట్టి, టప్పుమని ఇడిస్తే గీత పడుతది, ఆ గీత మీద సుద్దతోని "త్రి", "క్ష్మి", "శ్రీ" రాసుడు, తుడుసుడు. గుడి పెట్టే కాడ చెయ్యి ఆగితే మొత్తం అక్షరం కుంటిది అయితదని తిట్టేటోడు. ఒకసారి కిరాణ కొట్టు షట్టర్ మీద "శ్రీ" కింద వంపు జర తప్పింది, ఓనర్ సూసి శభాష్ అని చాయ్ తాపిచ్చిండు, పైసలు కూడ ఇచ్చిండు. గురువు ఏం మాట్లాడలేదు. సైకిల్ దిగి, టర్పెంటైన్ గుడ్డ తీస్కోని, చెరిపేసి నా చేతిల బ్రష్ పెట్టిండు. ఆ షాపు ఇప్పుడు మొబైల్ దుకాణం, ఆ షట్టర్ ఎప్పుడో పాత ఇనుముకు పోయింది. ఆ వంపు మాత్రం ఇప్పటికీ నా మోచెయ్యికి యాదికుంది, కావాల్నంటే నిద్రల లేపి అడుగు, గీస్త.

శభాష్ అన్నోడు నీ గురువు కాదు. చెరిపినోడు గురువు. ఇప్పుడు నీకు ఎవ్వరు లేరు కాబట్టి నీ రికార్డింగ్ నువ్వే విని నువ్వే చెరుపుకోవాలె, అది కష్టమే, కాదనను.

పోయిన నెల బుగ్గలు అమ్మే పిలగాడు నీ దగ్గర నిల్చోని బుగ్గలు ఊదుడు ఆపి నీ మూతి దిక్కు సూసిండు. ఇద్దరిదీ ఊపిరితోని పనే కదా. ఆ సూపును నేను దేంతోని కొలవాల్నో తెల్వక ఇడిసిపెట్టిన.

వాన పడుతుంటే పోకు, వెదురు పగుల్తది, మొండితనం వేరే పని మీద సూపెట్టు. జ్వరముంటే పోకు. మనసు బాగలేకుంటే మాత్రం పో.

ఈ ఆదివారం నేను లేటుగ వస్త, షాపుల ఒక పెండ్లి ఫ్లెక్స్ అర్జెంట్ అంటున్నరు, పెండ్లికొడుకు మొహం తెల్లగ చెయ్యమని నాలుగోసారి పంపిన్రు. అటక మీది బ్రష్షులు దించిన నిన్న. రెండు గట్టిపడి కట్టెల్లెక్క అయినయ్, ఒక్కటి కిరోసిన్ల నానబెడితే మెత్తబడ్డది. నీ పెట్టె మూత బయట దిక్కు ఏదన్న రాయాలనుంది. నీ పేరు రాయాల్నా, రాగం పేరు రాయాల్నా, ఉత్త ఒక గీత గీసి ఇడవాల్నా, అది నువ్వే చెప్పు. పెట్టెల ఉన్న పాత టికెట్లు, చాక్లెట్ కాగితాలు తీసేసి తుడిచి తే, దుమ్ముంటే ఎనామిల్ పట్టదు.