అన్నయ్యకు పదిహేనేళ్ల లెక్క

అన్నయ్యా, వదిన పక్కన ఉన్నప్పుడే చదువు, ఒక్కడివే చదివితే సగంలో పక్కన పెట్టేస్తావు. నీకు అరవై రావడానికి ఇంకా పదిహేనేళ్లే ఉంది, అందుకే ఈ లెక్క.

నెలకు చేతికి 92,000 వస్తోంది. ఇంటి లోన్ 27,000, కారు 12,500, పాప ఫీజు నెలకు పంచితే 10,000, చిట్టీ 5,000, ఇంటి ఖర్చు 26,000, అమ్మ మందులు 4,000, బయటి తిండి 7,500. కూడితే సరిగ్గా 92,000. ఇక పండగొచ్చినా, పెళ్లొచ్చినా కార్డే గీకుతున్నావు. అదిప్పుడు 1,40,000 అయింది, నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీయే 4,900. ఇది తీరేదాకా ఏ ఫండ్ మంచిదని నన్ను అడగొద్దు.

2 లక్షల చిట్టీలో 30 వాయిదాలు కట్టేశావు కదా, వచ్చే నెల పాటలో పాడేసెయ్. పోటీ లేకపోతే 1,80,000 దాకా చేతికొస్తుంది. కార్డు మొత్తం కట్టేసి, మిగిలిన 40,000 ఎఫ్‌డీలో వేసెయ్. పాప పెళ్లికని దాచానంటావు, పాపకింకా పదమూడేళ్లు!

బయటి తిండి 3,500కి తగ్గించు. ఆ 4,000తో అరవై ఏళ్లదాకా కోటి రూపాయల టర్మ్ పాలసీ, ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ తీసుకో. కంపెనీ ఇచ్చింది ఉద్యోగంతో పాటే పోతుంది, అరవైలో కొత్తది ఇమ్మంటే బీపీ, షుగర్ అంటూ వంద ప్రశ్నలు వేస్తారు.

పది నెలలకు చిట్టీ అయిపోతుంది, ఆ 5,000 కారు లోన్ తీరేదాకా ఎఫ్‌డీకే. 22 నెలలకు కారూ అయిపోతుంది, కొత్త కారు మాట ఎత్తొద్దు. రెండూ కలిపితే 17,500. అందులో 15,000 నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో సిప్, జీతం పెరిగినప్పుడల్లా ఏటా పది శాతం పెంచుకుంటూ పోవాలి. నీకు నలభై ఏడొచ్చినప్పటి నుంచి పదమూడేళ్లు, సగటున పది శాతం వస్తే (గ్యారంటీ ఏమీ లేదు) 79 లక్షల దాకా అవుతుంది. పీఎఫ్‌లో ఉన్న 6 లక్షలు కదపకపోతే, ఇప్పటి 8.25 శాతమే ఉంటే, 19 లక్షలు దాటుతుంది. నీకు యాభై ఏడొచ్చేసరికి ఇంటి లోన్ తీరిపోతుంది, ఆ 27,000 మూడేళ్లపాటు బ్యాంకులోనే వేసుకో, అప్పుడు మార్కెట్ వద్దు.

అంతా కలిపితే కోటి దాటుతుంది. కానీ ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే ఆ కోటి నేటి 42 లక్షలతో సమానం. సొంతిల్లుంది కాబట్టి గుట్టుగా గడుస్తుంది, అరవై తర్వాత కూడా రెండు మూడేళ్లు ఏదో ఒక పని చేస్తేనే ఊపిరాడుతుంది. పాప ఇంజనీరింగ్‌కి ఎడ్యుకేషన్ లోన్ పెడదాం, పీఎఫ్ మాత్రం ముట్టుకోవద్దు.

ఆదివారం వస్తాను, చిట్టీ పాస్‌బుక్, కారు లోన్ కాగితాలు తీసి పెట్టు. వదినా, కార్డు మీ దగ్గర పెట్టుకోండి.