బెంగళూరులో మా యోగా తరగతి, తెల్లవారుజాము 5.30 బ్యాచ్: సంక్రాంతి తరువాతి వారం

సోమవారం

పండుగకు ఊరు వెళ్లి, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి, ఇంకా చీకటి ఉండగానే మారతహళ్లి బ్రిడ్జి దగ్గర సంచులతో దిగినవారికి నడుము పట్టేయడం సహజమే. అందుకే రేపటి తరగతిలో నేరుగా సూర్య నమస్కారాలకు వెళ్లకుండా, మొదటి పదిహేను నిమిషాలు మార్జాలాసనం, బాలాసనం వంటి నెమ్మదైన కదలికలకే కేటాయిస్తున్నాము. పది రోజులు మానేశామన్న మొహమాటంతో ఆగిపోకండి. అరిసెలు ఎన్ని తిన్నారని ఇక్కడ ఎవరూ లెక్క అడగరు.

బుధవారం

కొత్తగా ఫోన్ చేసేవారిలో ఎక్కువమంది మొదట అనే మాట "నా ఒళ్లు వంగదండీ" అని. మొన్న భోగినాడు వాకిట్లో గొంతుకూర్చుని, మడమలు నేలకు ఆన్చి, చుక్కలు కలుపుతూ అరగంట ముగ్గు వేసినవారు మీరే కదా! ఆ భంగిమనే మేము మాలాసనం అంటాము. ఏడాది పొడవునా కుర్చీలో తొమ్మిదేసి గంటలు కూర్చోవడం వల్ల తుంటి ముందు భాగపు కండరాలు బిగుసుకుపోయాయే తప్ప, మీ శరీరం వంగడం మరిచిపోలేదు. మనకు పక్కనే ఉన్న కోలారు జిల్లా బెళ్లూరులో 1918లో పుట్టిన యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగారు బాల్యమంతా జబ్బులతో గడిపినవారే. చెక్క దిమ్మెలు, తాళ్లు, కుర్చీల ఆసరాతో ఆసనాలు వేయించే పద్ధతికి పేరు తెచ్చినదీ ఆయనే. ఆ దిమ్మెలు మా గదిలో గోడవారన పేర్చి ఉన్నాయి, చేతులు నేలను అందకపోతే వాటిపై ఆనించవచ్చు.

శుక్రవారం

ఉదయం 6.20కి తరగతి కచ్చితంగా ముగుస్తుంది, ఎందుకంటే పిల్లల డబ్బాలు, ఏడున్నర కంపెనీ బస్సు, సిల్క్ బోర్డు దగ్గరి రద్దీ మాకూ తెలుసు. నిన్న ఒకరు గోళ్లలో ఇంకా ఆరని ఇడ్లీపిండితో, అల్లీ అల్లని జడతో పరుగున వచ్చి, ఆలస్యమైందని గుమ్మంలోనే నిలబడిపోయారు. దయచేసి అలా నిలబడకండి, లోపలికి వచ్చి చాప పరుచుకోండి. సగం తరగతి దొరికినా అది మీదే. నెలసరి రోజుల్లో తలకిందుల ఆసనాలు వద్దు, ముందుగా ఒక మాట చెబితే విశ్రాంతినిచ్చే ఆసనాలు విడిగా చూపిస్తాము. వారానికి ఐదు రోజులు కుదరనివారు మూడు రోజులే రండి, ఆ మూడూ తప్పకుండా రండి.

ఖాళీ కడుపుతో రావాలి, గోరువెచ్చని నీళ్లు మాత్రం తాగవచ్చు. జనవరి చలికి గచ్చు బాగా చల్లగా ఉంటోంది కనుక, శవాసనంలో కప్పుకోవడానికి ఇంట్లోని పాత శాలువా ఒకటి వెంట తెచ్చుకోండి.