కిరణజన్య సంయోగక్రియ: బస్సులో చదువుకోవడానికి ఒక్క పేజీ

చిన్నా, గాజువాక నుంచి పరీక్షా కేంద్రానికి వెళ్లేలోపు ఇది రెండుసార్లు చదువు. ముందు ఈ మాట నోటికి రావాలి:

వెలుగు తగిలె, నీరు పగిలె, ప్రాణవాయువు వదిలె, చక్కెర మిగిలె.

మొదటి మూడూ కాంతి చర్య. హరితరేణువులో నాణేల దొంతరలా ఉండే గ్రానాలో జరుగుతుంది. పత్రహరితం వెలుగును పట్టుకుంటుంది, నీటి అణువు విడిపోతుంది, ఆక్సిజన్ బయటికి పోతుంది. పట్టుకున్న శక్తి ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్‌ల రూపంలో నిలవ ఉంటుంది. ఈ రెండు పేర్లు రాయకపోతే జవాబు సగమే.

నాలుగోది నిష్కాంతి చర్య. దొంతరల చుట్టూ ఉన్న అవర్ణికలో జరుగుతుంది. పత్రరంధ్రాల నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను, ఆ నిలవ శక్తితో ఆకు గ్లూకోజ్‌గా మారుస్తుంది. మిగిలింది పిండిపదార్థంగా దాస్తుంది. అయోడిన్ వేస్తే నీలి నలుపు వచ్చేది దానికే.

6CO₂ + 12H₂O → C₆H₁₂O₆ + 6H₂O + 6O₂

బాణం మీద కాంతి, పత్రహరితం అని తప్పకుండా రాయి.

నువ్వు ప్రతిసారీ తప్పేది రెండు చోట్ల. ఆక్సిజన్ వచ్చేది నీటి నుంచి, కార్బన్ డయాక్సైడ్ నుంచి కాదు. నిష్కాంతి అంటే రాత్రి జరిగేదని కాదు, వెలుగు నేరుగా అక్కర్లేదని మాత్రమే. పగలే జరుగుతుంది.

బీచ్ రోడ్డులో కొబ్బరాకు ఎండలో మెరుస్తుంటే చూశావు కదా, ఆ క్షణంలో దానిలో జరిగేది ఇదే. టెన్షన్ పడకు. బొమ్మ వేసి, పేర్లు పెన్సిల్‌తో రాయి.

అక్క