తిరగరాసిన కంక్లూజన్: థయోసల్ఫేట్ చర్య మీద ఉష్ణోగ్రత ప్రభావం

మేడమ్ గారికి,

రికార్డ్‌లో నా కంక్లూజన్ పక్కన మీరు ఎర్ర ఇంకుతో రెండు ప్రశ్నలు రాశారు: “పరికల్పన ఏమైంది? ఏ రీడింగ్ చూసి ఈ మాట అంటున్నావు?” వాటికి జవాబు చెప్పాలని కూర్చుని మొత్తం మళ్ళీ రాశాను. పాతది కొట్టేయకుండా కిందే ఉంచాను, ఏం మారిందో మీకు పక్కపక్కన కనిపిస్తుందని.

మొదట రాసింది

“ఈ ప్రయోగం విజయవంతంగా పూర్తయింది. ఉష్ణోగ్రత పెరిగితే చర్యా రేటు పెరుగుతుందని నిరూపించాం. వేడి వల్ల కణాలు ఎక్కువసార్లు ఢీకొంటాయి కాబట్టి చర్య త్వరగా జరిగింది. 60 డిగ్రీల దగ్గర ఇంకా త్వరగా జరుగుతుంది. కొన్ని మానవ దోషాల వల్ల రీడింగుల్లో చిన్న తేడాలు వచ్చాయి. ఈ ప్రయోగం ద్వారా చాలా విషయాలు నేర్చుకున్నాం.”

ఇందులో ఒక్క అంకె కూడా మా టేబుల్‌లోది కాదు. ఉన్న ఒక్క ఉష్ణోగ్రత 60 డిగ్రీలు, అక్కడ మేం కొలవనే లేదు. ప్రయోగం చేయకుండానే ఈ పేరా రాసేయొచ్చు. మీ ప్రశ్న చదివాక నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

పరికల్పన (ప్రయోగానికి ముందు అబ్జర్వేషన్ బుక్‌లో రాసుకున్నది, మార్చలేదు)

“గాఢతలు మార్చకుండా ద్రావణం ఉష్ణోగ్రతను 10 డిగ్రీలు పెంచిన ప్రతిసారీ, గుర్తు కనబడకుండా పోవడానికి పట్టే సమయం సగానికి తగ్గుతుంది.”

రీడింగులు

చర్య: Na₂S₂O₃ + 2HCl → 2NaCl + H₂O + SO₂ + S

ప్రతి ట్రయల్‌కూ 10 మి.లీ. 0.15 మోలార్ థయోసల్ఫేట్‌ను 40 మి.లీ. నీటిలో కలిపి, కావలసిన ఉష్ణోగ్రతకు తెచ్చి, 5 మి.లీ. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశాం. ఆమ్లం గది ఉష్ణోగ్రతలోనే, అంటే 22 డిగ్రీల దగ్గర ఉంది. ఏర్పడే గంధకం ద్రావణాన్ని తెల్లగా మబ్బుపట్టిస్తుంది. అడుగున కాగితం మీద గీసిన ఇంటూ గుర్తు కనబడకుండా పోయేదాకా స్టాప్‌వాచ్‌తో లెక్కపెట్టాం.

| ఆమ్లం పోసేముందు ఉష్ణోగ్రత (డిగ్రీలు) | ట్రయల్ 1 (సె.) | ట్రయల్ 2 (సె.) | ట్రయల్ 3 (సె.) | సగటు (సె.) |
|---|---|---|---|---|
| 20 | 118 | 121 | 124 | 121 |
| 30 | 62 | 64 | 66 | 64 |
| 40 | 34 | 35 | 36 | 35 |
| 50 | 23 | 19 | 21 | 21 |

కొత్త కంక్లూజన్

మా పరికల్పనలో రెండు మాటలున్నాయి. ఉష్ణోగ్రత పెరిగితే సమయం తగ్గుతుందన్నది ఒకటి. ఆ తగ్గడం ప్రతి 10 డిగ్రీలకూ సరిగ్గా సగం అన్నది రెండోది. మా రీడింగులు మొదటిదాన్ని గట్టిగా బలపరుస్తున్నాయి. రెండోదాన్ని 40 డిగ్రీల వరకు బలపరుస్తున్నాయి. 40 నుంచి 50 మధ్య మాత్రం బలపరచడం లేదు.

మొదటి మాటకు ఆధారం సగటులు మాత్రమే కాదు. 121, 64, 35, 21 అని సగటు వరుసగా తగ్గింది నిజమే. అంతకన్నా బలమైన ఆధారం, ఏ రెండు ఉష్ణోగ్రతల ట్రయల్స్ కూడా ఒకదాని మీదికి ఒకటి రాకపోవడం. 50 డిగ్రీల దగ్గర వచ్చిన అతి ఎక్కువ సమయం 23 సెకన్లు, 40 దగ్గర అతి తక్కువ 34. అలాగే 40 దగ్గర ఎక్కువ 36 అయితే, 30 దగ్గర తక్కువ 62. ట్రయల్స్ మధ్య అటూ ఇటూ వచ్చిన తేడా కంటే ఉష్ణోగ్రత తెచ్చిన తేడా చాలా పెద్దది. కాబట్టి ఈ తగ్గుదల యాదృచ్ఛికంగా వచ్చిందని అనడానికి వీల్లేదు.

రెండో మాట దగ్గరే అసలు పని పడింది. పరికల్పన ప్రకారం 121 సెకన్ల నుంచి మొదలుపెట్టి సగాలు చేసుకుంటూ పోతే 30 దగ్గర 60.5, 40 దగ్గర 30.3, 50 దగ్గర 15.1 సెకన్లు రావాలి. మాకు వచ్చినవి 64, 35, 21. మూడుచోట్లా ఎక్కువే వచ్చింది. 50 దగ్గరి మా అతి తక్కువ ట్రయల్ 19 కూడా 15.1కి దగ్గరలో లేదు. ఇక్కడితో ఆగితే “పరికల్పన తప్పు” అని రాసేయాల్సి వచ్చేది.

కానీ టేబుల్‌లో మేం రాసిన ఉష్ణోగ్రత ఆమ్లం పోయకముందుది. చర్య జరిగింది ఆమ్లం కలిశాక. 50 డిగ్రీల ద్రావణం 50 మి.లీ.లో 22 డిగ్రీల ఆమ్లం 5 మి.లీ. కలిస్తే మిశ్రమం ఉష్ణోగ్రత:

```
(50 × 50 + 5 × 22) ÷ 55 = 47.5
```

ఇదే లెక్క మిగతావాటికి వేస్తే 20 కాస్తా 20.2 అవుతుంది, 30 కాస్తా 29.3, 40 కాస్తా 38.4. అంటే మేం 10 డిగ్రీలు అనుకున్న ప్రతి మెట్టూ నిజానికి 9.1 డిగ్రీలే. 10 డిగ్రీలకు సగం అయ్యేట్టయితే 9.1 డిగ్రీలకు సమయం 1.88 రెట్లు తగ్గాలి. ఆ లెక్కన రావలసిన సమయాలు 64.4, 34.3, 18.3 సెకన్లు. మాకు వచ్చినవి మళ్ళీ చెప్తున్నాను: 64, 35, 21. మొదటి రెండు సెకను తేడాలోపే సరిపోయాయి. మూడోది 2.7 సెకన్లు ఎక్కువ ఉంది, మూడు ట్రయల్స్‌లో ఒక్కటి కూడా 18.3 వరకు దిగలేదు.

ఈ దిద్దుబాటు పరికల్పనను కాపాడటానికి తెచ్చిపెట్టింది కాదు. ఆమ్లం పరిమాణం, దాని ఉష్ణోగ్రత రెండూ ప్రయోగం రోజే బుక్‌లో రాసి ఉన్నాయి. వాటిని కంక్లూజన్‌లోకి తేవాలని నాకు తట్టలేదు, అంతే. అయితే ఈ లెక్కలో కుప్పె గాజు తీసుకునే వేడి లేదు, అందుకని 47.5ను కొలిచిన విలువగా చెప్పడం లేదు.

50 డిగ్రీల దగ్గర సమయం ఎందుకు ఎక్కువ వచ్చిందన్నదానికి నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి. కుప్పెను నీటి తొట్టిలోంచి తీసి కాగితం మీద పెట్టాక ద్రావణం చల్లారుతూనే ఉంటుంది. గదికీ ద్రావణానికీ తేడా ఎంత ఎక్కువైతే అంత త్వరగా చల్లారుతుంది, కాబట్టి 50 దగ్గర ఈ నష్టం ఎక్కువ. చర్య ముగిశాక ఉష్ణోగ్రత మేం చూడలేదు గనుక ఎంత చల్లారిందో చెప్పలేను. రెండోది, “10 డిగ్రీలకు రెట్టింపు” అన్నది ఉజ్జాయింపు సూత్రమే. అర్హీనియస్ సమీకరణం ప్రకారం ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ అదే 10 డిగ్రీలకు వచ్చే పెంపు కొంచెం కొంచెంగా తగ్గుతుంది. ఈ రెండు కారణాలూ సమయాన్ని పెంచే దిశలోనే పనిచేస్తాయి, ఏది ఎంతో మా రీడింగులతో విడదీయలేం.

మూడోది మా చూపు. 50 డిగ్రీల రెండో ట్రయల్‌లో, అంటే 19 సెకన్లు వచ్చినప్పుడు, గుర్తును చూసింది నా పార్ట్‌నర్. మిగతా పదకొండు ట్రయల్స్‌లో చూసింది నేను. “కనబడటం లేదు” అనే క్షణం ఇద్దరికీ ఒకటే కాకపోవచ్చు. స్టాప్‌వాచ్ నొక్కడంలో ఒక్క సెకను తప్పు జరిగితే 121 సెకన్లలో అది ఒక శాతం కూడా కాదు, 21 సెకన్లలో దాదాపు 5 శాతం. “మానవ దోషాలు” అని నేను మొదట తేల్చేసింది దీన్నే. అది ఏ దోషం, ఎక్కడ జరిగింది, ఎంత అని చెప్పకపోతే ఆ మాటకు అర్థం లేదు. నేను చూసిన రెండు ట్రయల్స్ (23, 21) మాత్రమే తీసుకుంటే సగటు 22 అవుతుంది, 18.3కి ఇంకా దూరమవుతుంది. కాబట్టి ఈ దోషాన్ని సరిచేసినా మూడో మెట్టు పరికల్పనకు దగ్గర కాదు.

కారణం గురించి నేను మొదట రాసింది కూడా సరిపోదు. కణాలు ఎక్కువసార్లు ఢీకొనడం వల్లే అయితే ఇంత మార్పు రాదు. 20 నుంచి 30 డిగ్రీలకు పోవడమంటే 293 నుంచి 303 కెల్విన్‌కు పోవడం. కణాల సగటు వేగం పరమ ఉష్ణోగ్రత వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది, అంటే ఇక్కడ 1.7 శాతం. ఢీకొనడాలు సుమారుగా అంతే పెరుగుతాయి. మా సమయం మాత్రం 121 నుంచి 64కు పడిపోయింది. ఉత్తేజన శక్తిని దాటగలిగే శక్తి ఉన్న కణాల భాగం బాగా పెరగడం వల్లే ఇంత తేడా వస్తుంది. ఇది మేం కొలిచింది కాదు, అభిఘాత సిద్ధాంతం ఇచ్చే వివరణ. మా అంకెలు దానికి పొంతనగా ఉన్నాయి.

ఈ కంక్లూజన్ మేం వాడిన గాఢతలకూ, 20 నుంచి 50 డిగ్రీల మధ్యకూ మాత్రమే వర్తిస్తుంది. 60 డిగ్రీల వాక్యం తీసేశాను. “నిరూపించాం” అన్నది కూడా తీసేశాను, నాలుగు ఉష్ణోగ్రతల దగ్గర మూడేసి ట్రయల్స్ బలపరచగలవు, నిరూపించలేవు.

మేడమ్, మీరు అనుమతిస్తే 40, 50 డిగ్రీల ట్రయల్స్ మళ్ళీ చేస్తాం. ఈసారి ఆమ్లాన్ని కూడా అదే తొట్టిలో అదే ఉష్ణోగ్రతకు తెస్తాం, గుర్తు పోగానే థర్మామీటర్ పెట్టి చివరి ఉష్ణోగ్రత రాసుకుంటాం, అన్నింటికీ ఒక్కరమే చూస్తాం. 50 కంటే పైకి వెళ్ళం, వేడెక్కిన కొద్దీ సల్ఫర్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి వస్తుంది కాబట్టి. చివరి ఉష్ణోగ్రత పెద్దగా పడిపోకుండానే సమయం ఎక్కువ వస్తే, చల్లారడం అనే కారణాన్ని కొట్టేస్తాను.